సిప్‌లో సగటు ధర తగ్గుతుంది సరే, నష్టం కూడా రాదా?

ప్రశ్న: మాది కర్నూలు. నెలనెలా ఒకే సొమ్ము మ్యూచువల్ ఫండ్‌లో కట్టే సిప్‌లో సగటు కొనుగోలు ధర తగ్గుతుంది కాబట్టి నష్టం రాదని మాకు తెలిసిన ఏజెంటు గారు ఒక పట్టిక చూపించి చెప్పారు. నెలకు 5,000 కట్టాలనుకుంటున్నాను. స్థలం అమ్మిన డబ్బు మరో 3 లక్షలు చేతిలో ఉంది. దాన్ని కూడా నెలనెలా విడగొట్టి పెట్టడమే మంచిదా?

జవాబు: నేను అనంతపురంలో ఒక టాక్స్ ప్రాక్టీషనర్ గారి కార్యాలయంలో లెక్కలు చూస్తాను. రిటర్నుల కాలంలో ఇతరుల మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు చాలా నా చేతుల మీదుగా వెళ్తాయి, నాకు కూడా ఒక ఇండెక్స్ ఫండ్‌లో సిప్ నడుస్తోంది. ఏజెంటు గారి మాటలో మొదటి సగం నిజం, రెండో సగం దాని నుంచి రాదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు.

నెలకు 5,000 చొప్పున అయిదు నెలలు కట్టారనుకోండి. ఆ నెలల్లో ఫండ్ ఎన్ఏవీ, అంటే ఒక యూనిట్ ధర, వరుసగా 50, 40, 25, 40, 50 రూపాయలు ఉంటే మీకు 100, 125, 200, 125, 100 యూనిట్లు వస్తాయి. మొత్తం 25,000 రూపాయలకు 650 యూనిట్లు, అంటే యూనిట్ 38 రూపాయల 46 పైసలకు పడింది. అయిదు ధరల మామూలు సగటు మాత్రం 41 రూపాయలు. కట్టే సొమ్ము మారదు కాబట్టి ధర తగ్గిన నెలలో యూనిట్లు ఎక్కువ, పెరిగిన నెలలో తక్కువ వస్తాయి. అందువల్ల మీ కొనుగోలు ధర ఆ ధరల సగటు కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది, ధర అసలు కదలకపోతే మాత్రం రెండూ సమానం. ఇది కేవలం అంకగణితం, ఫండ్ మేనేజర్ ప్రతిభతో దీనికి సంబంధం లేదు. పైగా ఆ 41 రూపాయలు ప్రతి నెలా సరిగ్గా ఒకే సంఖ్యలో యూనిట్లు కొనే మనిషికి పడే ధర. అలా కొనేవారిని నేనింతవరకు చూడలేదు, కాబట్టి ఆ పోలికలో గెలవడం పెద్ద గెలుపేమీ కాదు.

చివరి నెల ఎన్ఏవీ 50 కాబట్టి 650 యూనిట్ల విలువ 32,500 అయింది, 30 శాతం లాభం. మొదటి రోజే 25,000 మొత్తం పెట్టినవారికి 500 యూనిట్లే వచ్చి, అయిదో నెలలో అసలు మాత్రమే మిగిలింది. ఏజెంట్లు చూపించే పట్టిక దాదాపు ఎప్పుడూ ఇదే ఆకారంలో ఉంటుంది, ధర మధ్యలో పడి చివరికి మొదటి చోటికి చేరుతుంది.

ఇప్పుడు అవే అయిదు ధరలను 50, 50, 40, 40, 25 అని పేర్చండి. యూనిట్లు అవే 650, సగటు ధర అదే 38 రూపాయల 46 పైసలు, కానీ విలువ 16,250 రూపాయలు. 35 శాతం నష్టం. తిరగేసి 25, 40, 40, 50, 50 అని పేర్చితే మీ విలువ 32,500 అవుతుంది, కానీ మొదటి రోజే మొత్తం పెట్టినవారికి 1,000 యూనిట్లు వచ్చి 50,000 అవుతుంది. సగటు ధర మూడు చోట్లా పైసా కూడా మారలేదు, ఫలితాలు మాత్రం ఒకేలా లేవు. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డను వారం వారం ఒకే సొమ్ముకు కొని నిల్వ చేసే వ్యాపారికి కొన్న రేటు సగటున బాగానే పడుతుంది, కానీ ఆయన మిగుల్చుకునేది అమ్మే రోజు రేటును బట్టే ఉంటుంది. మీ ఏజెంటు గారిని అదే పట్టికను చివరి ధర 25గా పెట్టి మళ్లీ వేయమని అడగండి.

సగటు నిజంగా ఉపయోగపడిన సందర్భం నా స్టేట్‌మెంటులోనే ఉంది. 2020 జనవరి మధ్యలో 12,300 దాటిన నిఫ్టీ సూచీ, మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ ఏప్రిల్ వాయిదాకు జనవరి కంటే సుమారు మూడో వంతు ఎక్కువ యూనిట్లు జమయ్యాయి, ఆ ఏడాది చివరికి సూచీ పాత స్థాయిని దాటేసింది కాబట్టి అవి ఫలించాయి. ఫలించింది సూచీ కోలుకోవడం వల్లనే అన్నది గమనించాలి. ఒకే రంగానికి పరిమితమైన ఫండ్ పడి ఏళ్ల తరబడి లేవకపోతే, పడినకొద్దీ కొనడం వల్ల కోలుకోని వస్తువే మన దగ్గర మరింత పోగవుతుంది.

ఎవరూ పెద్దగా చెప్పని మరో సంగతి ఏమిటంటే, సిప్ పాతబడినకొద్దీ సగటు ప్రభావం దాదాపు మాయమవుతుంది. పదేళ్లు కట్టి 6 లక్షలు పెట్టారనీ, సగటున 60 రూపాయలకు 10,000 యూనిట్లు ఉన్నాయనీ, ఎన్ఏవీ 100కు చేరి విలువ 10 లక్షలు అయిందనీ అనుకుందాం. మార్కెట్ 30 శాతం పడి ఎన్ఏవీ 70 అయితే 3 లక్షలు తరుగుతాయి, అంటే అయిదేళ్ల వాయిదాల సొమ్ము. ఆ నెల మీ 5,000కు వచ్చేవి 71 యూనిట్లు. 10,000 యూనిట్ల పక్కన అవి ఏ పాటి? విచిత్రం ఏమిటంటే 70 అన్నది మీ 60 కంటే ఇంకా ఎక్కువే కాబట్టి, పతనంలో కొన్నా మీ సగటు 60 రూపాయల 7 పైసలకు పెరుగుతుంది, తగ్గదు. అందుకే ఆ డబ్బు పిల్లల చదువుకో ఇంటికో కావలసిన ఏడాది దగ్గరపడుతున్నప్పుడు రక్షణ సగటు నుంచి రాదు, రెండు మూడేళ్ల ముందు నుంచే కొంత కొంత డిపాజిట్లకో, స్వల్పకాలిక అప్పుపత్రాల్లో పెట్టే లిక్విడ్ ఫండ్‌కో మళ్లించడం వల్ల వస్తుంది.

మీ నెలకు 5,000 విషయంలో సగటు వాదన అవసరమే లేదు. జీతం నెలనెలా వస్తుంది, వచ్చినప్పుడు పెడతారు, అంతే. ఏడేళ్లో పదేళ్లో ముట్టని డబ్బు అయితే నిశ్చింతగా మొదలుపెట్టండి. వాయిదా తేదీ 5 అయినా 25 అయినా దీర్ఘకాలంలో తేడా స్వల్పమే, ఖాతాలో జీతం పడిన రెండు మూడు రోజులకు పెట్టుకుంటే వాయిదా బౌన్సయి బ్యాంకు చార్జీ పడే ఇబ్బంది తప్పుతుంది.

3 లక్షల లెక్క వేరు. మార్కెట్లు పడిన కాలం కంటే పెరిగిన కాలమే ఎక్కువ కాబట్టి, చేతిలో ఉన్న సొమ్మును ఏడాదిపాటు విడగొట్టి పెడితే ఎక్కువసార్లు వెనుకబడతాం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల పాత లెక్కలతో వాన్‌గార్డ్ సంస్థ 2012లో చేసిన పరిశీలనలో, సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఒకేసారి పెట్టినవారే ముందున్నారు. మిగిలిన వంతులో మీరు పడితే ఏమవుతుందన్న భయం న్యాయమైనదే, కానీ విడగొట్టడం ఆ ప్రమాదాన్ని తీసేయదు, వాయిదా వేస్తుంది. పన్నెండో నెల గడిచాక మీ 3 లక్షలూ మార్కెట్‌లోనే ఉంటాయి, పదమూడో నెలలో పడితే అంతా పడుతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఆ 3 లక్షల్లో ఎంత ఈక్విటీలో, అంటే షేర్లలో పెట్టే ఫండ్‌లో, ఉండవచ్చన్నది. మూడేళ్లలోపు అవసరమయ్యే భాగాన్ని డిపాజిట్‌లోనే ఉంచండి. మిగిలినది లక్షన్నర అనుకుంటే, ఒకేసారి పెట్టి మరుసటి నెల పడితే నిద్ర పట్టదనుకునేవారైతే, లిక్విడ్ ఫండ్‌లో వేసి అదే సంస్థ ఈక్విటీ ఫండ్‌లోకి ఆరు నెలలపాటు నెలకు 25,000 చొప్పున దానంతటదే మళ్లేలా ఎస్‌టీపీ పెట్టుకోండి. ప్రతి మళ్లింపూ లిక్విడ్ ఫండ్ నుంచి అమ్మకం కిందికే వస్తుంది కాబట్టి, అందులో వచ్చిన కొద్దిపాటి లాభాన్ని రిటర్నులో చూపాలి. నేనైతే ఆరు నెలలకు మించి సాగదీయను.