ఎప్పుడన్నా చిట్టా గురించి ఒక జాబు

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పంపిన పనుల చిట్టా చూసిన. నలభై ఆరు వరుసలు. పొద్దున దాన్ని తెరిస్తే రాయబుద్ధి కావట్లేదని రాసినవు. ఎట్లయితది? మిత్రురాలి కవితా సంపుటికి ఒప్పుకున్న సమీక్ష, వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మీద రాయాలనుకున్న నవల ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నయి. ఒకటి అప్పు, ఇంకొకటి కోరిక. రెండిటినీ ఒకే చోట రాస్తే కోరిక కూడా అప్పులెక్కనే కనిపిస్తది.

నేను పెన్సిల్‌తో గీసి చూసిన. ఏడు వరుసలు ఎవరికో ఇచ్చిన మాటలు. నాలుగింటికి తేదీ ఉంది. మూడు, ఆగితే చెడిపోయేవి. ఇంకో నాలుగు నువ్వు ఇప్పటికే మొదలుపెట్టినవి. ఇవన్నీ తీస్తే మిగిలిన ఇరవై ఎనిమిదే అసలు ఎప్పుడన్నా చేద్దామనుకున్నవి. వాటిని వేరే నోటుబుక్కుకు ఎక్కించు, అదే నీ ఎప్పుడన్నా చిట్టా. ఆ నోటుబుక్కు రోజూ తెరవకు.

ఇచ్చిన మాట ఎప్పుడన్నా చిట్టాలకు పోవద్దు. ఆ సమీక్ష రాసేటట్టయితే తేదీ వెయ్యి, లేకుంటే రాయలేనని ఆమెకు చెప్పు. నువ్వు దాన్ని వెనకకు నెట్టినా ఆమె ఎదురుచూస్తనే ఉంటది. తేదీ ఉన్నవి క్యాలెండర్‌కు పోవాలె. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తది. దాని మీద నువ్వు రాయాలనుకున్న వ్యాసం కోసం జాతరకు మూడు నెలల ముందటి ఒక ఆదివారం మీద గుర్తు పెట్టుకో. అప్పటిదాక అది నీ కంటికి కనిపించాల్సిన పని లేదు.

ఇగ మిల్లు సంగతి. నీ చిట్టాల అది మూడు చోట్ల ఉంది: "మిల్లు నవల", "కార్మికుల కాలనీ కథలు", "సైరన్ కవిత". మూడూ ఒకే విత్తనం, ఒకే వరుస చెయ్యి. "మిల్లు నవల" అని రెండు మాటలే రాస్తే ఆరు నెలలకు అది ఎందుకు రాసుకున్నవో నీకే యాది ఉండదు. నిన్ను పట్టుకున్నదేందో అది కూడా రాయి: "సైరన్‌ను బట్టి ఇంట్ల పొయ్యి వెలిగించుకునేటోళ్లు – ఆ ఆగిపోయిన సైరన్ తర్వాతి పొద్దులు." పక్కన నెల, సంవత్సరం వెయ్యి.

నవల అయిదేండ్లు ఆగినా ఏం కాదు. కానీ 1934లో పెట్టిన మిల్లు అది, మూతపడి కూడా చానా కాలమైంది. అందుల పనిచేసినోళ్లు ముసలోళ్లయిండ్రు. అందుకే నవలను ఎప్పుడన్నా చిట్టాలనే ఉంచి, దాంట్ల ఆగని ముక్కను బయటికి తియ్యి: "ఈ నెల మీ వాడకట్టులో ఒక పాత కార్మికుని దగ్గర ఫోన్‌ల అరగంట మాటలు రికార్డు చేసుడు." మీ నాయనమ్మ బతుకమ్మ పాటలు కూడా గంతే. పుస్తకం ఆగుతది, గొంతు ఆగదు. కోరిక ఎంత పెద్దదైనా దాని లోపల ఇట్ల చెడిపోయే ముక్క ఉందా అని ముందు చూడాలె. చాలామంది చిట్టాలు మంచిగ సర్దుతరు గని ఇదే మర్చిపోతరు.

ఎప్పుడన్నా చిట్టాల కలుపు తీసుడు నెలకోసారి చాలు. మొదటి ఆదివారం, ఇరవై నిమిషాలు. ఒక్కో వరుస చదివి, "ఈ నెల దీనికి రెండు గంటలు ఇస్తనా?" అని అడుగు. ఇస్తనంటే పనుల చిట్టాకు తీసుకుపో, కానీ నెలకు ఒకటే, మహా అయితే రెండు. ఇయ్యనంటే పక్కన చుక్క పెట్టు. మూడు చుక్కలు పడ్డయా, కొట్టెయ్యి. చేతులు రాకపోతే నోటుబుక్కు చివరి పేజీల "పాతర" అని రాసి అందుల వెయ్యి. జొన్నలు పాతరేసినట్టే, కావాలంటే తవ్వుకోవచ్చు. మొత్తం ముప్పై వరుసలు దాటనియ్యకు. ముప్పై ఒకటోది వచ్చిందంటే ఒకటి పోవాలె.

రెండు నెలలు ఈ ఆదివారం తప్పితే నీకు తెలుస్తది: ఉన్న వరుసనే మళ్లీ కొత్తగ రాస్తవు, బస్సు టికెట్ల వెనక ఆలోచనలు గీకుతుంటవు. అంటే చిట్టా మీద నీ మనసుకు నమ్మకం పోయి, మళ్లా అన్నీ తలలనే మోస్తున్నదన్నట్టు. ఇంకో తప్పు కూడా ఉంది. కష్టమైన పనిని పనుల చిట్టా నుంచి ఎప్పుడన్నాకు దింపుడు. ఒకసారి దింపితే సరే. రెండోసారి కూడా అదే వరుస దిగితే అది కోరిక కాదు, భయం. అప్పుడు దాన్ని మొదటి పేరా అంత చిన్నగ చేసి రాయి, లేకుంటే నేరుగ పాతరకు పంపు.

ఉర్దూ నేర్చుకునుడు, బ్లాగు పేరు మార్చుడు – వీటి గురించి నేనేం చెప్ప. చుక్కలు పెట్టుకుంట పో, అవే తేలుతయి.

ముందుగాల ఆ ఏడు మాటల సంగతి చూడు. సమీక్ష రాయనని చెప్పేదుంటే మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాయన