పుస్తకంలో 50 కిలోలు, మా చెరువులో 32

ప్రశ్న: లాజిస్టిక్ మోడల్లో చేపల చెరువు నుంచి నెలకు స్థిరంగా h కిలోలు పట్టుకుంటూ పోతే, h అనేది rK/4 దాటనంత వరకు చెరువుకు ఏమీ కాదా? అదే గరిష్ఠ దిగుబడి అని పుస్తకంలో ఉంది.

పరీక్షలో అలాగే రాయండి, మార్కులు వస్తాయి. నిజంగా చెరువు ఉంటే మాత్రం ఆ హద్దు దగ్గరకు కూడా వెళ్ళకండి. ఈ మాట నేను మా బాబాయి చెరువు చూసి చెబుతున్నాను.

పశ్చిమ గోదావరిలో మా బాబాయికి ఎకరం చెరువు ఉండేది. అందులో జిలేబి చేపలు. అవి చెరువులోనే గుడ్లు పెట్టి పెరుగుతాయి కాబట్టి పిల్ల కొని వదిలే పని లేదు. ఊళ్ళో ఒక హోటల్ వాళ్ళకు ప్రతి ఆదివారం 14 కిలోలు ఇస్తానని బాబాయి మాట ఇచ్చాడు. అంటే నెలకు దాదాపు 60 కిలోలు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. గట్టు మీద కూర్చుని, తూకం వేసి, ఎన్ని విసుర్లకు ఎన్ని కిలోలు పడ్డాయో నోట్‌బుక్‌లో రాయడం నా పని.

మొదట్లో 6 సార్లు విసురు వల వేస్తే 14 కిలోలు పడేవి. ఏడాదిన్నర గడిచేసరికి 10 విసుర్లు పట్టేవి. అక్కడి నుంచి మరో ఏడాదిన్నర పాటు పెద్దగా మార్పు కనబడలేదు. ఒక వారం 11, ఒక వారం 13, మళ్ళీ 12. నేను నోట్‌బుక్ చూపిస్తే బాబాయి, "చేప తగ్గలేదురా, వల పాతదైపోయింది" అన్నాడు. భీమవరం వెళ్ళి కొత్త వల తెచ్చాడు. మూడేళ్ళుగా హోటల్‌కు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు, ఇంకేం టెన్షన్ అని అందరం అనుకున్నాం. ఆ తర్వాతి ఏడాదిలో విసుర్లు 15 నుంచి 30 కి పోయాయి. బాబాయి విసురు వల మానేసి నలుగురు మనుషులను పెట్టి లాగుడు వల వేయించాడు. దాంతో తూకం మళ్ళీ కుదిరింది. ఇంకో ఐదు నెలలకు వలలో నాచు తప్ప ఏమీ రాలేదు.

ఏం జరిగిందో నాకు డిగ్రీలో అర్థమైంది. సమీకరణం మీకు తెలిసిందే. P అంటే చెరువులో ఉన్న చేప, K అంటే చెరువు పట్టే గరిష్ఠ చేప, r అంటే చేప పెరిగే రేటు:

`dP/dt = rP(1 − P/K) − h`

అంతకు కొన్నేళ్ళ ముందు ఆ చెరువును ఒకసారి ఎండగడితే సుమారు టన్ను చేప వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ నిండింది. కాబట్టి K = 1000 కిలోలు. నోట్‌బుక్‌లోని విసుర్లకు సరిపోయేలా చూస్తే r నెలకు 0.2 అవుతుంది. అప్పుడు rK/4 అంటే నెలకు 50 కిలోలు. చెరువులో 500 కిలోల చేప ఉన్నప్పుడు అది అన్నిటికంటే వేగంగా పెరుగుతుంది, ఆ పెరుగుదలే ఈ 50. బాబాయి తీసింది 60.

ఇక్కడ చూడాల్సింది ఆ పది కిలోల తేడా ఎలా పనిచేస్తుందన్నది. చెరువు నిండుగా ఉన్నప్పుడు పెరుగుదల దాదాపు సున్నా, కాబట్టి నెలకు 60 కిలోలూ తగ్గుతాయి. చేప తగ్గేకొద్దీ మిగిలినవి బాగా పెరుగుతాయి, తగ్గడం నెమ్మదిస్తుంది. 500 కిలోల దగ్గర నెలకు తగ్గేది 10 కిలోలే. లెక్క కడితే 1000 నుంచి 600 కు రావడానికి 16 నెలలు, 600 నుంచి 400 కు 19 నెలలు, 400 నుంచి సున్నాకు మళ్ళీ 16 నెలలు. ఆ మధ్య 19 నెలల్లో చెరువు స్థిరపడినట్టే కనిపిస్తుంది. మేము కొత్త వల కొన్నది అప్పుడే. చివరి 200 కిలోలు ఐదు నెలల్లో పోతాయి.

"సరే, 50 దాటకూడదు, అంతే కదా" అంటారా? మా లెక్చరర్ కూడా అంతటితో ఆపేశారు, నాకు ఇప్పటికీ అదే బాధ. 48 తీసుకుని చూడండి. సమీకరణానికి రెండు నిలకడ బిందువులు వస్తాయి, 600, 400. పైది గట్టిది: కొంచెం అటూ ఇటూ అయినా చెరువు తిరిగి అక్కడికే వస్తుంది. కిందది గట్టిది కాదు: 400 కంటే ఒక్క కిలో తగ్గినా, మీరు 48 చొప్పునే తీస్తూ పోతే చెరువు ఖాళీ అయ్యే దాకా ఆగదు. అంటే మీకున్న జాగా 200 కిలోలు. రెండు రోజులు మబ్బు పట్టి తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే ఒక్క రాత్రిలో అంత చేప తేలిపోవడం మా వైపు ఎవరికీ కొత్త కాదు. సరిగ్గా 50 దగ్గరైతే ఆ రెండు బిందువులూ 500 దగ్గర కలిసిపోతాయి, జాగా అనేదే ఉండదు.

అదే 32 కిలోలు తీయండి. బిందువులు 800, 200 అవుతాయి. మూడో వంతు దిగుబడి వదులుకుంటే జాగా మూడింతలై 600 కిలోలకు పెరుగుతుంది. ఈ బేరం పుస్తకాల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. ఈ లెక్కకు ఉదాహరణగా రోహు, కట్ల చెరువు ఇస్తుంటారు. అది తప్పు. ఆ చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు నది కావాలి. హేచరీలో ఇంజెక్షన్ ఇచ్చి పిల్ల తీయించి, మనం కొని వదులుతాం. అక్కడ P పెరగడం మన జేబులోంచి జరుగుతుంది, rP అనే మాటకే అర్థం లేదు. జిలేబికి, కొర్రమీనుకు ఈ సమీకరణం వేయవచ్చు. జిలేబికి కూడా ఒక ఇబ్బంది ఉంది. చెరువు కిక్కిరిస్తే అది వేలెడంత ఉండగానే గుడ్లు పెట్టేస్తుంది. మోడల్ కిలోలనే చూస్తుంది, హోటల్ వాళ్ళు సైజు చూస్తారు.

అసలు చిక్కంతా కిలోలకు మాట ఇవ్వడంలో ఉంది. కిలోలు స్థిరంగా ఉండాలంటే చేప తగ్గేకొద్దీ వల ఎక్కువ వేయాలి, సరిగ్గా వేయకూడని సమయంలో. దాని బదులు విసుర్లకు లెక్క పెట్టుకోండి. మా చెరువుకు వారానికి 10 విసుర్లని పెట్టుకుంటే, 500 కిలోల చేప ఉన్నప్పుడు నెలకు అదే 50 కిలోలు వచ్చేది. చేప తగ్గితే వలలో పడేదీ తగ్గేది, చెరువు తనంతట తానే తేరుకునేది. కింది బిందువు అన్నదే ఉండదు.

విసుర్ల లెక్క కూడా ఒక్కచోట మోసం చేస్తుంది. తవుడు వేసే మూలలోనే వల వేస్తే, ఉన్న కాస్త చేప అక్కడికే చేరుతుంది కాబట్టి చెరువు నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపలూ తగ్గేకొద్దీ గుంపులు కట్టాయి, పడవలకు వేట బాగానే ఉన్నట్టు కనిపించింది. 1992లో వేట ఆపేసే నాటికి సముద్రంలో చాలా కొద్ది చేపే మిగిలింది.

ఇప్పుడు ఆ చెరువు నేను చూసుకుంటున్నాను. వారానికి 6 విసుర్లు వేస్తాం, తవుడు మూలకు దూరంగా, నాలుగు గట్ల మీద మార్చి మార్చి. చెరువులో 700 కిలోలు ఉంటే నెలకు 42 వస్తాయి. మొన్నటి వానల్లో కొంత చేప చచ్చిపోయాక 32 దాకా పడిపోయింది, మేము విసుర్లు పెంచలేదు. హోటల్‌కు మాత్రం కిలోల మాట ఇవ్వలేదు, పడినంత పంపుతాం.