టెక్ సందేహాలు: తెలుగు వాక్యంలో ఇంగ్లీషు పుస్తకం

ప్రశ్న: తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. నేను చూసేవి ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలే. రచయిత పేరు ఏ లిపిలో రాయాలి? సంవత్సరం ఎక్కడ రావాలి? అనువదించిన పదం పక్కన ఇంగ్లీషు పదం ఉండాలా? రిఫరెన్స్ మేనేజర్ వాడితే తెలుగు వాక్యం మధ్యలో `and` వచ్చి పడుతోంది. మా వాట్సాప్ గ్రూపులో ఒక తెలుగు థీసిస్ టెంప్లేట్ తిరుగుతోంది, అది వాడితే అన్నీ సర్దుకుంటాయా?

జవాబు: ముందు ఆ టెంప్లేట్ సంగతి చూద్దాం, నాకు టెన్షన్ పెట్టింది అదే. ఇలాంటి ఫైల్ వాడొచ్చా అని ఈ రెండు నెలల్లో అడిగినవాళ్లలో మీరు నాలుగోవారు. ఫైల్ పేరు చివర ఏముందో చూడండి. `.dotx` అయితే అందులో మార్జిన్లు, ఫాంట్లు, శీర్షికల సైజులు తప్ప మాక్రోలు ఉండవు. `.dotm` లేదా `.docm` అయితే మాక్రోలు, అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం, ఉండే వీలుంది. తెరవగానే పైన పసుపు పట్టీలో `Enable Content` అని కనిపించవచ్చు. అది నొక్కారంటే ఆ ప్రోగ్రాంకి మీకున్న అధికారాలన్నీ ఇచ్చేసినట్టే. అది మీ ఫైళ్లు చదవగలదు, చెరపగలదు, నెట్ నుంచి ఇంకో ప్రోగ్రాంని దించుకోగలదు. మార్జిన్లు సర్దడానికి మాక్రో అక్కర్లేదు. గ్రూపులో పంపినవాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ వాళ్లకి అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకే తెలియదు. మూడేళ్ల థీసిస్ ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఎవరో పంపిన ఫైల్‌కి ఆ బటన్ నొక్కేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. కొన్ని రిఫరెన్స్ మేనేజర్లు కూడా వర్డ్ ప్రాసెసర్‌లో ఒక `.dotm` ఫైల్ పెడతాయి, నిజమే. దాన్ని ఆ సాఫ్ట్‌వేరే తన ఇన్‌స్టాలర్‌తో పెట్టాలి. ఇంకొకరు పంపితే తీసుకోవద్దు.

ఇక పేర్లు. నేను పాటించే పద్ధతి ఇది: వాక్యంలో పేరు తెలుగు లిపిలో, బ్రాకెట్‌లో సంవత్సరం, పేజీ మాత్రమే. చివరి జాబితాలో మాత్రం పుస్తకం మీద ఉన్నట్టే రోమన్ లిపిలో. దీనికి సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న టిక్కు ఉంటుంది. ఉల్లేఖన పెట్టే పెట్టెలో `Suppress Author` లేదా `Omit Author` అని కనిపిస్తుంది. అది పెడితే బ్రాకెట్‌లోంచి ఇంగ్లీషు పేరు పోతుంది, ఆ పేరు మీరే తెలుగులో టైప్ చేస్తారు. మీ `and` గొడవ కూడా అక్కడితో తీరిపోతుంది. ఇద్దరు రచయితలుంటే ‘మరియు’ రాయకండి, కామా చాలు: నారాయణరావు, షుల్మన్ (2002).

విభక్తి ప్రత్యయాన్ని పేరుకే తగిలించండి, బ్రాకెట్‌కి కాదు. ‘(2002)లో’ అని రాసేటప్పుడు కర్సర్ బ్రాకెట్ లోపల, సాఫ్ట్‌వేర్ పెట్టిన ఆ బూడిదరంగు భాగంలో ఉంటే, తర్వాత రిఫ్రెష్ చేయగానే మీ ‘లో’ మాయమైపోతుంది. నూట యాభై పేజీల తర్వాత ఏ ప్రత్యయం ఎక్కడ పోయిందో వెతకడం నరకం.

పైన చెప్పిన 2002 పుస్తకం వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఇంగ్లీషులో తెచ్చిన ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనం, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ ప్రచురణ. లైబ్రరీ పేజీ నుంచి వివరాలు ఆటోమేటిక్‌గా లాగితే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు చివరి మాటనే ఇంటిపేరు అనుకుని ఇలా విడగొడుతుంది:

```
Last: Rao
First: Velcheru Narayana
```

ఇలా ఉంటే జాబితాలో ఆయన `R` కింద చేరతారు. ఇంకో పుస్తకం రికార్డులో `Narayana Rao` అని సరిగ్గా ఉంటే, ఒకే మనిషి జాబితాలో ఇద్దరవుతారు. సరిచేయాల్సింది ఇలా:

```
Last: Narayana Rao
First: Velcheru
```

వెల్చేరు ఇంటిపేరు కదా, అది `Last`లో ఉండాలి కదా అంటారా? ఆ గడి నిజంగా అడిగేది ఇంటిపేరు కాదు, జాబితాలో ఏ మాటతో వెతకాలి అన్నది. ఆయన్ని అందరూ నారాయణరావు అనే వెతుకుతారు. అసలు మనిషి పేరు రెండు గడుల్లో ఇమిడిపోతుందన్న ఊహతో సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లది తప్పు. పాస్‌పోర్ట్ ఫారం నుంచి వీసా ఫారం దాకా ఇంటిపేరు ముందుండే మనవాళ్లు ఈ రెండు గడుల దగ్గరే ఆగిపోతారు. మా నాన్నగారి పేరు మూడు కార్డుల మీద మూడు రకాలుగా ఉంది. వాటిని ఒకటి చేయించడానికి ఒక వేసవి మొత్తం తిరిగాం. పేరంతా రాసుకోవడానికి ఒకే గడి, వెతుకులాటకి విడిగా ఇంకో గడి పెడితే ఏం పోతుంది?

సంవత్సరం విషయంలో నియమం ఒకటే: మీ చేతిలో ఉన్న ప్రతి ఏ సంవత్సరానిదో అదే రాయాలి. బెనెడిక్ట్ ఆండర్సన్ జాతీయవాదం మీద రాసిన ప్రసిద్ధ పుస్తకం మొదట 1983లో వచ్చింది. 1991లో కొత్త అధ్యాయాలు చేర్చి తిరిగి వేశారు, 2006లో మళ్లీ వచ్చింది. జాతి అంటే ఊహించుకున్న రాజకీయ సమాజం అన్న ఆయన నిర్వచనం 1983 ప్రతిలో 15వ పేజీలో, 1991 ప్రతిలో 6వ పేజీలో ఉంది. చాలామంది పాత వ్యాసం నుంచి 1983 అన్న సంవత్సరం, తమ పీడీఎఫ్ నుంచి పేజీ 6 తీసుకుని కలిపేస్తారు. గైడ్ పుస్తకం తీసి చూస్తే ఆ మాట అక్కడ ఉండదు. మీరు పేజీ తెరవలేదని అక్కడే తెలిసిపోతుంది. మొదటి ప్రచురణ కాలం పాఠకుడికి ముఖ్యమనుకుంటే దాన్ని వాక్యంలోనే చెప్పండి.

అనువదించిన పదం పక్కన మూలపదం ఉండాలి, కానీ మొదటిసారి మాత్రమే. అదీ సంవత్సరం ఉన్న బ్రాకెట్‌లో కలిపి కాదు, పదం పక్కనే:

```
ముద్రణా పెట్టుబడి, అంటే print-capitalism
అన్న భావనను ఆండర్సన్ (1991) తెచ్చారు.
```

ఆ తర్వాత థీసిస్ అంతటా ‘ముద్రణా పెట్టుబడి’ అనే రాయాలి. ఒక అధ్యాయంలో ‘ముద్రణ పెట్టుబడిదారీ విధానం’, ఇంకోచోట ‘అచ్చు పెట్టుబడి’ అంటే అవి మూడు వేర్వేరు భావనలని పాఠకుడు అనుకుంటాడు. ఇంగ్లీషు వాక్యాన్ని మీరే తెలుగు చేసి ఉటంకిస్తే, బ్రాకెట్‌లో పేజీ తర్వాత ‘అనువాదం నాది’ అని చేర్చండి. పేజీ మాత్రం ఇంగ్లీషు పుస్తకానిదే.

పేర్లకీ ఇదే పద్ధతి. మొదటిసారి కనిపించినచోట రోమన్ స్పెల్లింగ్ ఒకసారి ఇవ్వండి, లేకపోతే తెలుగులో చదివినవాళ్లు చివరి జాబితాలో ఆ పేరు పట్టుకోలేరు. తెలుగు పేరు, రోమన్ పేరు, ఎంచుకున్న పదాలు వేరే ఫైల్లో పట్టికగా పెట్టుకోండి. షుల్మన్, షుల్మాన్ రెండూ థీసిస్‌లో ఉన్నాయేమో చివర్లో వెతికి సరిచేయండి. ఇక్కడ ఒక చిక్కుంది. ‘షుల్మన్‌కు’ అని రాసేటప్పుడు న, క కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం, యూనికోడ్‌లో `U+200C`, పడుతుంది. ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే ‘షుల్మన్‌కు’ అని వెతికినప్పుడు కొన్ని దొరకవు. అందుకే ప్రత్యయం లేకుండా ‘షుల్మ’ వరకే టైప్ చేసి వెతకండి, అన్నీ బయటపడతాయి.

జాబితాని తెలుగు పుస్తకాలు, ఇంగ్లీషు పుస్తకాలు అని రెండుగా విడదీయండి. రెండు లిపులు ఒకే వరసలో పెడితే కంప్యూటర్ సాధారణంగా రోమన్ పేర్లన్నీ ముందు పెట్టి, అ నుంచి మొదలయ్యే తెలుగు పేర్లని `Z` తర్వాతకి తోసేస్తుంది.