తమ్ముడి మొదటి వర్ధంతి రోజు మా ఇంట్లో మోగిన ఫోన్

ప్రశ్న: మా అన్నయ్య చనిపోయి వచ్చే నెలకి ఏడాది. ఆ రోజు ఫేస్‌బుక్‌లో వాడి గురించి రాయాలనుంది. ఇంట్లో వాళ్ళు బాధపడకుండా ఎలా రాయాలి? ఇలా రాసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

రాసేముందు మీ వదినని అడగండి. నేను అడగలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా తమ్ముడు పోయి మూడేళ్ళయింది. మొదటి వర్ధంతి ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో ఫోటోలు చూస్తూ కూర్చున్నాను. వాడితో నేను దిగిన చివరి ఫోటో ఆస్పత్రి మంచం మీదిది. ముక్కుకి గొట్టం ఉంది, అయినా నవ్వుతున్నాడు. ఆ నవ్వు కోసమే దాన్ని ఎంచుకున్నాను. సరిగ్గా పన్నెండింటికి పోస్ట్ పెట్టాను. నేను రాసింది ఇది:

“సరిగ్గా ఏడాది క్రితం ఇదే రోజు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయావురా. ఐదు రోజులు మృత్యువుతో పోరాడావు. నీ భార్య, నీ బిడ్డ ముఖాలు చూడలేకపోతున్నాం. వాళ్ళ బతుకు ఏమవుతుందో అని రోజూ ఏడుస్తున్నాం. నువ్వు లేని ఇల్లు ఇల్లే కాదు.”

కింద వాడి పేరు ట్యాగ్ చేశాను. మా మరదలి పేరు కూడా. ట్యాగ్ చేయకపోతే వాళ్ళని పక్కన పెట్టినట్టుంటుందని అనుకున్నాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. తమ్ముడి ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. మరదలు దాన్ని రోజూ చార్జింగ్ పెడుతోంది. అందులో వాడి గొంతుతో ఉన్న వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి, పాప పడుకునే ముందు అప్పుడప్పుడు వింటుంది. ఏడాదిగా దాదాపు మూగగా పడున్న ఆ ఫోన్ ఆ అర్ధరాత్రి ఒక్కసారిగా మోగింది. ట్యాగ్ నోటిఫికేషన్. ఆ తర్వాత కామెంట్లు ఒకదాని వెంట ఒకటి. చీకట్లో వాడి ఫోన్ వెలుగుతుంటే మరదలు ఉలిక్కిపడి లేచింది. తెరిచి చూస్తే ఆ గొట్టం ఫోటో. పక్కనే పాప కూడా లేచింది. దానికి అప్పటికి ఏడేళ్ళు. నాన్నని ఆ స్థితిలో ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఆ ఐదు రోజులూ దాన్ని ఆస్పత్రికి రానివ్వలేదు.

పొద్దున్న మరదలు ఫోన్ చేసి, “వదినా, ఆ ఫోటో తీసేయండి” అంది, అంతే. కోపంగా కూడా అనలేదు. తీసేసేసరికే చాలామంది చూశారు, ఇద్దరు షేర్ చేశారు.

అక్కడితో అయిపోలేదు. అప్పటికి మరదలు కొత్త ఉద్యోగంలో చేరి రెండు నెలలయింది. భర్త పోయాడని అక్కడ ఎవరికీ చెప్పలేదు. జాలి చూపులు లేని చోటు ఒకటైనా ఉండాలని అనుకుంది. ఫేస్‌బుక్‌లో ఒకరిని ట్యాగ్ చేస్తే, సెట్టింగ్ మార్చుకోకపోతే, ఆ పోస్ట్ వాళ్ళ ఫ్రెండ్స్‌కి కూడా కనిపిస్తుంది. అలా ఆఫీసులో ఇద్దరికి కనిపించింది. “వాళ్ళ బతుకు ఏమవుతుందో” అన్న నా వాక్యం వాళ్ళు చదివారు. ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చి తన చెయ్యి పట్టుకుని ఏడ్చిందట. కష్టపడి నిలబెట్టుకుంటున్న బతుకుని నేను నలుగురి ముందూ ఏమవుతుందో తెలియని బతుకుగా చేశాను. ప్రేమతోనే చేశాను, నిజమే. కానీ తనకి తగిలిన దెబ్బ అందువల్ల తగ్గలేదు.

కామెంట్ల సంగతి కూడా చెప్పాలి. సగం మంది మూడక్షరాల “RIP” కొట్టి వెళ్ళారు, వాళ్ళతో పేచీ లేదు. “అసలు ఏమైంది? ముందే చూపించలేదా?” అని అడిగినవాళ్ళని మాత్రం ఇప్పటికీ క్షమించలేను. ఆ ప్రశ్న అమ్మ చదివింది. ముందే చూపించాల్సిందేమో అన్న ఆలోచన అప్పటికే ఏడాదిగా ఆవిడని తొలిచేస్తోంది, దాన్నే ఇప్పుడు బయటివాళ్ళు నోరు తెరిచి అడిగారు. ఒకాయన జబ్బు పేరు చెప్పి, దానికి ఏ మందు వాడాల్సిందో కూడా రాశాడు. కాబట్టి నా మాట వినండి, చావు ఎలా వచ్చిందన్నది పోస్ట్‌లో ఒక్క ముక్క కూడా రాయకండి. “పోరాడాడు” అని రాస్తే దేనితో అని అడుగుతారు. మీ అన్నయ్యది ప్రమాదమైనా, జబ్బైనా, తనే తీసుకున్న నిర్ణయమైనా ఇదే మాట. చివరిదైతే మరీ జాగ్రత్త, ఎలా జరిగిందో ఎక్కడా ఛాయగా కూడా రావద్దు. చదివేవాళ్ళలో అదే ఆలోచనతో నలిగిపోతున్నవాళ్ళు ఉండొచ్చు.

తర్వాత చాన్నాళ్ళు నాకు అర్థం కానిది ఒకటే. అదే ఇంట్లో, అదే మనిషి కోసం, అదే రోజు నాకు గట్టిగా చెప్పుకోవాలనిపిస్తే మరదలికి దాక్కోవాలని ఎందుకనిపించింది? 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షట్ అనే ఇద్దరు పరిశోధకులు దుఃఖం గురించి రాసిన సిద్ధాంతం చదివాక కాస్త తెలిసింది. పోగొట్టుకున్నవాళ్ళు రెండు పనుల మధ్య అటూ ఇటూ ఊగుతుంటారని వాళ్ళ మాట. కాసేపు పోయిన మనిషిని తలుచుకుని ఏడవడం, కాసేపు దాన్ని పక్కన పెట్టి ఫీజులు, ఉద్యోగం, కొత్త బతుకు చూసుకోవడం. మనిషికి రెండూ కావాలి. గొడవ ఎక్కడొస్తుందంటే, ఒకే ఇంట్లో అందరూ ఒకేసారి ఒకే వైపు ఉండరు. నేను ఏడ్చే వైపున్న రాత్రి, మరదలు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాల్సిన వైపుంది. తను మర్చిపోయిందని కాదు. నేను మాత్రం కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రెండో ఏడాది వారం ముందే మరదలికి ఫోన్ చేశాను. “రాయనా?” అని అడగలేదు. అలా అడిగితే వద్దనడం కష్టం, ఆడపడుచు అడుగుతోంది కదా. “ఈసారి ఏమీ పెట్టకపోయినా నాకు సమ్మతమే. పెడితే ముందు నీకు పంపిస్తా, నీకు నచ్చని ముక్క కొట్టేయి, కారణం చెప్పక్కర్లేదు” అన్నాను. రెండు రోజుల తర్వాత తనే మెసేజ్ పెట్టింది. పెట్టండి, కానీ నా పేరు, పాప పేరు వద్దు, పాప ఫోటో వద్దు, రాత్రి వద్దు. నాలుగే మాటలు. మొదటి ఏడాది ఈ నాలుగూ అడిగి తెలుసుకోవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది.

ఫోటో కోసం వెనక్కి వెళ్ళాను. వాడు ఇంటి మెట్ల మీద కూర్చుని సైకిల్ చైన్ బిగిస్తున్న ఫోటో ఉంది, చేతులకి నల్లగా గ్రీజు, కెమెరా వైపు చూడను కూడా చూడట్లేదు. జబ్బు పడకముందుది. చివరి ఫోటో ఎప్పుడూ వద్దని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను. మనిషి ముప్పై మూడేళ్ళు బతికితే అందులో ఆస్పత్రిలో ఉన్నవి ఐదు రోజులు. ఆ ఐదు రోజుల ముఖాన్ని వాడి ముఖంగా నిలబెట్టే హక్కు మనకి లేదు.

రాత కూడా మార్చాను. ఏడుపు రాయలేదు, వాడు చేసిన ఒక పని రాశాను:

“పదో తరగతిలో నాన్న కొనిచ్చిన సైకిల్‌ని మా తమ్ముడు పదకొండేళ్ళు తొక్కాడు. చైన్ ఊడిన ప్రతిసారీ తనే బిగించేవాడు, వీధిలో ఎవరి సైకిల్ ఆగినా పిలవకుండానే వెళ్ళి కూర్చునేవాడు. ఆ గ్రీజు చేతులతోనే నా పెళ్ళి ఫోటోలో నిలబడ్డాడు. ఇవాళ్టికి రెండేళ్ళు. మీలో ఎవరి సైకిలైనా, బండైనా వాడు బాగుచేసి ఉంటే ఇక్కడ చెప్పండి, ఇంట్లో చదివి వినిపిస్తాను.”

పొద్దున్న పదింటికి పెట్టాను, ఎవరినీ ట్యాగ్ చేయలేదు. ఆ చివరి వాక్యం చేసిన పని చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఏం రాయాలో చెబితే జనం అదే రాస్తారు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. మాకెవరికీ తెలియని సంగతులు పదకొండు వచ్చాయి. వాడి కాలేజీ స్నేహితుడొకడు, పరీక్ష రోజు తన బండి ఆగిపోతే వీడు తన పరీక్షకి ఆలస్యమవుతున్నా ఆగి బాగుచేశాడని రాశాడు. అది మరదలికి కూడా తెలియదు. తను దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంది.

ఇంకో రెండు సంగతులు, మీరు ఫేస్‌బుక్ అన్నారు కాబట్టి. పాత పోస్ట్‌లు ఏటా అదే తేదీకి మెమొరీస్‌లో మళ్ళీ ఎదురొస్తాయి. అక్కడి సెట్టింగ్స్‌లో ఒక మనిషిని గానీ ఒక తేదీని గానీ దాచుకునే వీలుంది. మీ అమ్మగారి ఫోన్‌లో ఆవిడని అడిగి, కావాలంటే అది చేసిపెట్టండి. రెండోది, మీ అన్నయ్య ఖాతాని స్మారక ఖాతాగా మార్చమని మీరు తొందరపడి అడగొద్దు. మార్చాక పాస్‌వర్డ్ తెలిసినా ఎవరూ అందులోకి లాగిన్ కాలేరు. మీ వదిన ఇంకా అందులోని మెసేజ్‌లు తెరిచి చదువుకుంటూ ఉండొచ్చు. ఆ పని ఎప్పుడు చేయాలో, అసలు చేయాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆవిడ.

రెండో ఏడాది కూడా ఒకరిని అడగడం మర్చిపోయాను. నాన్న. ఆయన ఫేస్‌బుక్ చూడరు, వాడి పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోతారు. అందుకని ఆయనకి ఇవేవీ వద్దని నాకు నేనే తీర్మానించేశాను. ఆ సాయంత్రం కామెంట్లు అమ్మకి చదివి వినిపిస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి అన్నీ విన్నారు. అయ్యాక, “పైన నువ్వు రాసింది చదువు” అన్నారు. చదివాను.

“ఆ సైకిల్ నేను కొనలేదమ్మా,” అన్నారు. “అప్పుడు నా దగ్గర డబ్బుల్లేవు. సెలవుల్లో రెండు నెలలు షాపులో పనిచేసి వాడే కొనుక్కున్నాడు. అందరికీ మాత్రం నేను కొనిచ్చానని చెప్పేవాడు.”

ఎడిట్ నొక్కి ఆ వాక్యం ఎలా మార్చాలో ఆయన్నే చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించి, “వద్దు, వాడు చెప్పినట్టే ఉండనీ” అన్నారు.