యాష్ బ్రౌన్ వేస్తే రాగి రంగు ఎందుకు తేలుతుంది?

ప్రశ్న: నాది పుట్టుకతో నల్ల జుట్టు. గోరింటాకు కూడా ఎప్పుడూ పెట్టలేదు. 6వ నంబరు యాష్ బ్రౌన్, అంటే బూడిద ఛాయ ఉన్న గోధుమ రంగు డబ్బా తెచ్చి 20 వాల్యూమ్‌తో ఇంట్లోనే వేసుకున్నా. నాలుగు తలస్నానాలకే రాగి రంగు తేలింది. మా చెల్లిదీ నల్ల జుట్టే, అదే డబ్బా, ఆమెకు ఇంత ఎరుపు రాలేదు. 40 వాల్యూమ్ వాడుంటే సరిగ్గా వచ్చేదా? (అనంతపురం)

జవాబు:

రాదండీ. వాల్యూమ్ అంటే రంగులో కలిపే పెరాక్సైడ్ బలం. 40 వాడుంటే ఎరుపు బదులు నారింజ వైపు పోయేది, అంతే. ఆ రాగి రంగు డబ్బాలోది కాదు, మీ వెంట్రుకలో ముందునుంచీ ఉన్నదే. పొయ్యి మీద మసి పట్టిన రాగి చెంబును సగం తోమి వదిలేస్తే ఎట్లా ఉంటుందో, ఇప్పుడు మీ జుట్టు అట్లా ఉంది.

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి సన్నని పొర, దాని కింద కార్టెక్స్ ఉంటాయి. రంగు కణాలు ఉండేది కార్టెక్స్‌లో. యూమెలనిన్ అనేది నలుపు, గోధుమ రంగులనిస్తుంది. ఫియోమెలనిన్ ఎరుపు, పసుపులనిస్తుంది. నల్ల జుట్టులో యూమెలనిన్‌దే పెత్తనం. అది దట్టంగా ఉన్నంతసేపూ వెనక ఎరుపు ఉన్నా కంటికి ఆనదు. సెలూన్లలో 1 నుంచి 10 దాకా చెప్పే లెవల్ ముఖ్యంగా ఈ యూమెలనిన్ లెక్కే. 1 అంటే కారునలుపు, 10 అంటే బాగా లేత పసుపు. మన వైపు జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 లోపే ఉంటుంది.

డబ్బాలోని అమ్మోనియా వెంట్రుకను ఉబ్బించి పొలుసులు లేపుతుంది. అప్పుడు పెరాక్సైడ్ లోపలికి పోయి మెలనిన్‌ను విరగ్గొడుతుంది. కానీ రెండింటినీ ఒకే వేగంతో కాదు. యూమెలనిన్ ముందు లొంగుతుంది, ఫియోమెలనిన్ మొండికేస్తుంది. పైగా సగం విరిగిన యూమెలనిన్ కూడా ఎర్రటి గోధుమ రంగులోనే కనబడుతుంది. అందుకే నల్ల జుట్టు తెల్లబడే దారి ఎవరికైనా ఒకటే: ముదురు ఎరుపు, ఎరుపు, నారింజ, పసుపు కలిసిన నారింజ, పసుపు, లేత పసుపు. 4వ లెవల్ దగ్గర అడుగున ఎరుపు ఉంటుంది, 6 దగ్గర నారింజ, 8 దగ్గర పసుపు. మధ్యలో ఏ మెట్టూ దాటేసి పోలేము. నమ్మకం కుదరకపోతే అదే తలలోని నెరిసిన వెంట్రుకకు అదే బ్లీచ్ పెట్టి చూడండి, నారింజ రానే రాదు. అందులో మెలనిన్ లేదు కదా.

ఇక మీ లెక్క చూద్దాం. మీది 2వ లెవల్ అనుకుందాం, డబ్బా మీద 6. ఎక్కాల్సినవి నాలుగు మెట్లు. 20 వాల్యూమ్, అంటే 6 శాతం పెరాక్సైడ్, మామూలు కలర్ క్రీముతో ఒకటి రెండు మెట్లే ఎక్కిస్తుంది. అంటే మీరు 4 దగ్గర, సరిగ్గా ఎరుపు మీద ఆగిపోయారు. డబ్బాలోని యాష్ రంగు 6వ లెవల్ నారింజను అణచడానికి తయారైంది. మీ దగ్గరున్న ఎరుపుకు అది చాలదు. మొదట్లో కాస్త కప్పింది, నాలుగు స్నానాలకు అది వదిలిపోయాక లోపలిది బయటపడింది.

మీ చెల్లి సంగతికొస్తే, పైకి ఒకే నలుపున్న రెండు తలల్లో ఫియోమెలనిన్ పాళ్లు వేరుగా ఉండొచ్చు. ట్యూబులైటు కింద ఇది తెలియదు. పొద్దున ఎండలో ఒక పాయ పట్టుకుని చూస్తే ఒకరిది నీలంగా, ఒకరిది ఎర్రగా మెరుస్తుంది. ఎర్రగా మెరిసే జుట్టు నారింజ దగ్గర చానాసేపు ఆగుతుంది. అయితే కొసలు చూసి నిర్ణయించకండి. మన ఎండలకు కొసలు ముందే కొంచెం వెలిసి ఉంటాయి. కుదుళ్లకు నాలుగు వేళ్ల దూరంలో, పైజుట్టు కింద దాగిన పాయలో చూడాలి.

అసలు నిజం చెప్పేది పాయ పరీక్షే. చెవి వెనక నుంచి పెన్సిలంత పాయ తీసుకోండి. ప్లాస్టిక్ గిన్నెలో 5 గ్రాముల బ్లీచ్ పౌడర్, 10 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ డెవలపర్, అంటే పెరాక్సైడ్ క్రీము కలపండి. ఇనుము, అల్యూమినియం గిన్నెలు వద్దు. మాడుకు ఒక అంగుళం వదిలి రాసి, ఫాయిల్‌లో మడిచి, పది నిమిషాలకోసారి తడి దూదితో కొంచెం తుడిచి రంగు చూడండి. ఏ రంగు ఎన్నో నిమిషానికి వచ్చిందో రాసుకోండి. పౌడర్ ఎండిపోతే పని ఆగిపోతుంది, అప్పుడు లిఫ్ట్, అంటే జుట్టు రంగు లేతబడటం, ఆగిందని పొరబడతారు. ప్యాకెట్ మీద రాసిన సమయం దాటనివ్వకండి. తర్వాత కడిగి, పూర్తిగా ఆరాకే చూడండి. తడి జుట్టు అసలు కంటే ముదురుగా కనబడుతుంది.

నారింజ దగ్గర ఆగిందని 40కి, అంటే 12 శాతానికి పోతే చిక్కు ఇక్కడే. ఫియోమెలనిన్ పోవడానికి కావాల్సింది నిదానమైన సమయం. బలం పెంచితే పెరాక్సైడ్ మెలనిన్‌తో పాటు వెంట్రుకను పట్టి ఉంచే గంధకపు బంధాలను కూడా తెంచుతుంది. గుర్తు ఏమిటంటే, తడి వెంట్రుకను మెల్లగా లాగితే సాగి వెనక్కి రావాలి. చూయింగ్ గమ్ లాగా సాగి అట్లే ఉండిపోతే, రంగు ఎక్కడున్నా సరే ఆపేయాలి. ఇంకో మాట: మాడు వేడికి కుదుళ్ల దగ్గరి అంగుళం మిగతా జుట్టు కంటే తొందరగా లిఫ్ట్ అవుతుంది. అందుకే అక్కడ చివర రాస్తారు. ఇంట్లో చేసుకునేవాళ్లు అక్కడే మొదలుపెట్టి, పైన నారింజ, కింద నలుపు తెచ్చుకుంటారు.

ఇప్పుడేం చేయాలి? మళ్లీ అదే డబ్బా వేయకండి. కలర్ క్రీము ముందు వేసిన రంగును లిఫ్ట్ చేయదు. కొత్తగా పెరిగిన కుదుళ్లనే లేపుతుంది, తల రెండు రంగులవుతుంది. ఎర్రగా ఉన్నది అణగాలంటే ఆకుపచ్చ మూలమున్న రంగు కావాలి, నారింజకు నీలం, పసుపుకు ఊదా. ఈ తేడా తెలియక నారింజ జుట్టుకు ఊదా షాంపూ రుద్ది, ఏమీ మారలేదని బాధపడేవాళ్లే ఎక్కువ.

నా సలహా ఏమిటంటే 6 ఆశ వదిలేసి, ఆకుపచ్చ మూలమున్న 4వ నంబరు యాష్‌ను 10 వాల్యూమ్‌తో వేయించుకోండి. 10 అంటే 3 శాతం, అది దాదాపు ఏమీ లేపదు. కాబట్టి కొత్త ఎరుపు బయటపడదు. ముదురు గోధుమ రంగు వస్తుంది, ఎరుపు తగ్గుతుంది. ఎనిమిది పది స్నానాలకు మళ్లీ కాస్త తేలితే అదే రంగును పొడవు మీద పది నిమిషాలు పెడితే చాలు.

6వ లెవల్ యాషే కావాలంటే బ్లీచ్ తప్పదు. 30 గ్రాముల పౌడర్‌కు 60 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ చొప్పున కలిపి, పసుపు కలిసిన నారింజ దాకా, అంటే 7 దాకా తెచ్చి, ఆపైన నీలం మూలమున్న 6వ నంబరు యాష్‌తో టోన్ చేయాలి, అంటే మిగిలిన నారింజను అణచాలి. ఒక మెట్టు ఎక్కువ లేపేది యాష్ వేసినప్పుడు కొంచెం ముదురుతుంది కాబట్టి. ఒకే రోజు రాకపోతే రెండు మూడు వారాలు ఆగి రెండోసారి వెళ్లండి. బోరు నీళ్లతో తల కడిగేవాళ్లయితే ముందు రోజు చీలేటింగ్ షాంపూ వాడండి. ఉప్పు నీళ్లలోని సున్నం వెంట్రుక మీద పేరుకుని బ్లీచ్‌ను అక్కడక్కడ అడ్డుకుంటుంది. నీళ్లలో ఇనుము, రాగి ఉంటే పెరాక్సైడ్ తగలగానే వేడెక్కుతుంది కూడా. ఫాయిల్ చేతికి వేడిగా తగిలితే సమయం చూడకుండా వెంటనే కడిగేయండి.