చిన్న ముల్లు దాటిన అంకె

బ్రాడీపేట, గుంటూరు

చి.సౌ. లలితకు పెద్దమ్మ ఆశీస్సులు.

బుజ్జిగాడికి ఫోనులో గడియారాల ఫొటోలు చూపించి సమయం నేర్పబోతున్నావని మీ అమ్మ చెప్పగానే సంతోషమూ కలిగింది, గుబులూ పుట్టింది. గడియారానికి ఎదురుగా నిలబడి ఫొటో తియ్యి. పక్కనుంచో కిందనుంచో తీస్తే ముల్లు ఒకటి రెండు నిమిషాలు జరిగినట్లు కనిపిస్తుంది. పెద్ద ముల్లు సంగతి నేను చెప్పనక్కరలేదు, ఐదో ఎక్కం వచ్చినవాడికి అది వచ్చినట్లే.

నా గుబులంతా చిన్న ముల్లు గురించే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అట్టతో గడియారం చేసి, చిన్న ముల్లును సరిగ్గా 3 మీద ఉంచి, పెద్ద ముల్లును మాత్రమే తిప్పుతూ మూడూ ఇరవై, మూడూ యాభై అని నెల రోజులు పాఠం చెప్పాను. ఆ తరువాత ఒక పిల్లవాడిని గోడ గడియారం చూసి సమయం చెప్పమంటే, 3:50 అయి ఉండగా 4:50 అన్నాడు. నేను కసిరాను. వాడు మళ్ళీ ఆ ఏడాదంతా గడియారం వైపు తల ఎత్తలేదు. తప్పు వాడిది కాదమ్మా: అసలు గడియారంలో అప్పటికి చిన్న ముల్లు 3కీ 4కీ మధ్య దూరంలో ఆరింట ఐదు వంతులు దాటి, 4ను ఆనుకున్నట్లే ఉంటుంది. పైగా ఇంట్లో మనం "పది తక్కువ నాలుగు" అంటాం కనుక పిల్లల చెవిలో నాలుగే పడుతుంది. దగ్గరగా ఉన్న అంకెను కాదు, ముల్లు దాటి వచ్చిన అంకెను చదవాలని నేను ముందే చెప్పి ఉండవలసింది.

ఫొటోలో ముల్లు కదలదు కనుక ఒకే గడియారాన్ని 3:00కు, 3:20కి, 3:50కి, 4:00కు తీసి ఆ నాలుగూ వరుసగా పెట్టి చూపించు. చిన్న ముల్లు నడక వాడికే తెలుస్తుంది.

వ్యవధి లెక్కలకు అంకెలు చూసి తీసివేత చేయించవద్దు. గుంటూరులో 8:50కి బస్సెక్కి విజయవాడలో 10:15కి దిగారనుకో. తీసివేతలో వాడు అలవాటుగా వంద అప్పు తెచ్చి 1 గంట 65 నిమిషాలంటాడు; నిమిషాలు అరవై దాటితేనే తెలిసిపోవాలి, తప్పు జరిగిందని. దానికి బదులు అంగలు వేయించు: 8:50 నుంచి 9కి పది నిమిషాలు, 9 నుంచి 10కి ఒక గంట, అక్కడినుంచి పదిహేను నిమిషాలు. మొత్తం 1 గంట 25 నిమిషాలు. ప్రతి అంగనూ వేలితో గడియారం మీదే చూపించమను.

వాడు తప్పు చెబితే "ముల్లు ఏ అంకెను దాటింది నాన్నా?" అని మాత్రం అడుగు, నాలాగా కసరకు. అన్నట్టు, సెలవులకు వచ్చినప్పుడు మా హాల్లో గడియారాన్ని ఫొటో తీస్తారేమో, అది ఐదు నిమిషాలు ముందు నడుస్తోంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ