డబ్బాలో పోసే ముందు ప్యాకెట్ మీద ఆ నాలుగు లైన్లు చదవండి

ప్రశ్న: "ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీ, ఎంఎఫ్‌జీ, ఎక్స్‌పీ, బెస్ట్ బిఫోర్ అని ఉంటాయి కదా, వాటికి తేడా ఏంటి? పక్కన బ్యాచ్ నంబర్ అని ఏవో అంకెలు వేస్తారు, అది మనకి దేనికి పనికొస్తుంది?"

నేను ఒక చిన్న సేమియా, రవ్వ తయారు చేసే యూనిట్‌లో అయిదేళ్లు పనిచేశానండి. ప్యాకెట్ మీద తేదీలు కొట్టే మిషన్‌ని రోజూ పొద్దున్నే సెట్ చేయడం నా పనే. మా సేమియా అరకిలో ప్యాకెట్ మీద ప్రింట్ ఇలా ఉండేది:

```
B.No. S2 146 B
MFG: MAY 2025
EXP: JAN 2026
MRP ₹42.00 (INCL. OF ALL TAXES)
```

ముందు తేలికైనది చెప్తాను. ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులు కలిపి అమ్మదగిన గరిష్ఠ ధర. షాపువాడు ఇంతకన్నా తక్కువకి అమ్మొచ్చు, ఎక్కువకి అమ్మకూడదు. ఫ్రిజ్‌లో పెట్టానని కూల్ డ్రింక్ మీద రెండు రూపాయలు అదనంగా అడిగితే ఇవ్వక్కర్లేదు. పాత ధర మీద ఎక్కువ ధరతో స్టిక్కర్ అతికించడం కూడా తప్పే. ధర తగ్గించడానికి స్టిక్కర్ వేయొచ్చు, కానీ అది పాత ధరని కప్పేయకూడదు. ఇలాంటి ఫిర్యాదులకి 1915 నంబర్ ఉంది.

ఎంఎఫ్‌జీ అంటే తయారైన తేదీ. కందిపప్పు, బియ్యం, మినుగుల్లాంటి వాటి మీద ఎక్కువగా పీకేడీ అని ఉంటుంది, అంటే ప్యాక్ చేసిన తేదీ. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. పీకేడీ పోయిన నెలదే అయినంత మాత్రాన పప్పు కొత్త పంటది అనుకోకూడదు. గోడౌన్‌లో ఏడాది ఉన్న పప్పుని నిన్న కవర్లో పోసినా నిన్నటి తేదీయే పడుతుంది.

ఎక్స్‌పీ లేదా యూజ్ బై తేదీ దాటితే తినకూడదు, అంతే. పాలు, పనీరు, పసిపిల్లల ఆహారం విషయంలో ఒక్కరోజు కూడా చూడొద్దు. బెస్ట్ బిఫోర్ అనేది రుచికి, కరకరకి, వాసనకి సంబంధించిన మాట. ఆ తేదీ దాటిన బిస్కెట్ మెత్తబడొచ్చు, అంతమాత్రాన విషం అయిపోదు. ఒకప్పుడు చాలా ప్యాకెట్ల మీద బెస్ట్ బిఫోర్ ఒక్కటే ఉండేది. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఇప్పుడు ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తప్పనిసరి, బెస్ట్ బిఫోర్ కంపెనీ ఇష్టం. రెండూ ఉంటే తినొచ్చా లేదా అన్నది ఎక్స్‌పైరీని బట్టే చూసుకోండి. ఇంకో మాట, ఈ తేదీలన్నీ సీల్ విప్పని ప్యాకెట్‌కే. విప్పిన రోజు నుంచి లెక్క వేరు. తేదీ ఇంకా ఉన్నా పెరుగు ప్యాకెట్ ఉబ్బి ఉంటే తీసుకోవద్దు. చిప్స్ ప్యాకెట్‌లో గాలి వాళ్లు కావాలని నింపేది, దానికీ దీనికీ పోలిక లేదు.

ఇక బ్యాచ్ నంబర్. నా ఉద్దేశంలో ప్యాకెట్ మీద అన్నిటికన్నా విలువైన లైన్ ఇదే. దీన్ని ఎలా రాయాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం. మా దగ్గర ఎస్ అంటే సేమియా, 2 అంటే రెండో ప్యాకింగ్ మిషన్, చివరి బి అంటే మధ్యాహ్నం షిఫ్ట్. మధ్యలో 146 అంటే ఏడాదిలో 146వ రోజు. ఏప్రిల్ ఆఖరికి 120 రోజులు అయిపోతాయి కాబట్టి 146 అంటే మే 26. లీపు సంవత్సరమైతే ఒక రోజు ముందు, మే 25. పైన ఎంఎఫ్‌జీ దగ్గర మే 2025 అని నెల మాత్రమే ఉన్నా, అసలు రోజు ఈ అంకెల్లో ఉందన్నమాట.

మీరు కొనే బ్రాండ్ కూడా ఇలాగే రాస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. వేర్వేరు నెలల్లో కొన్న రెండు మూడు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టండి. ఎంఎఫ్‌జీ నెల మారిన కొద్దీ ఒక మూడంకెల సంఖ్య కూడా దానికి తగ్గట్టు పెరుగుతూ, ఎప్పుడూ 366 దాటకుండా ఉంటే అది రోజు లెక్కే. దాటితే మాత్రం మామూలు వరస నంబర్, దానితో తేదీ కట్టొద్దు. ఒకసారి ఈ పద్ధతి తెలిసిపోతే దొంగ తేదీ కూడా పట్టుకోవచ్చు. ప్యాకెట్ మీద ఇంకు తుడిచి కొత్త తేదీ కొట్టేవాళ్లు చాలాసార్లు బ్యాచ్ లైన్ జోలికి పోరు. ఎంఎఫ్‌జీ దగ్గర సెప్టెంబర్ అని ఉండి బ్యాచ్‌లో 146 ఉంటే, తేదీ చుట్టూ కవర్ మసకబారి ఉంటే, ఆ ప్యాకెట్ షాపులోనే వదిలేయండి.

ఇది ఎలా పనికొస్తుందో మా యూనిట్‌లో జరిగింది చెప్తాను. ఒకసారి ఒకావిడ ఫోన్ చేసి, విప్పీ విప్పగానే సేమియాలో పురుగు కనిపించిందన్నారు. బ్యాచ్ చదవమంటే చదివారు. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ప్యాకెట్ తీసి మేము దాచి ఉంచేవాళ్లం. ఆ బ్యాచ్‌ది తీసి, నీళ్ల బకెట్‌లో ముంచి నొక్కితే పై అతుకు దగ్గర సన్నగా బుడగలు వచ్చాయి. అదే రోజు పొద్దుటి షిఫ్ట్ ప్యాకెట్‌లో రాలేదు. చూస్తే మధ్యాహ్నం రెండో మిషన్ మీద సీల్ వేసే టెఫ్లాన్ టేపు కాలిపోయి, ఆ చోట సరిగ్గా అతకలేదు. ఆ సందులోంచే పురుగు వెళ్లింది. బ్యాచ్ తెలిసింది కాబట్టి ఆ ఒక్క షిఫ్ట్ సరుకు ఏ డీలర్‌కి వెళ్లిందో రిజిస్టర్‌లో చూసి వెనక్కి తెప్పించాం. ఆవిడ "మే నెల ప్యాకెట్" అని మాత్రమే చెప్పి ఉంటే నెల మొత్తం సరుకులో ఎక్కడని వెతకాలి?

మా అక్కకి దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. వేరే కంపెనీ రవ్వ తెచ్చి, మనందరం చేసినట్టే డబ్బాలో పోసి కవర్ పడేసింది. నాలుగు రోజులకి రవ్వ గూడు కట్టింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బ్యాచ్ నంబర్ అడిగారు. చెప్పడానికి ఏమీ లేదు. బిల్లు ఉంది గానీ బిల్లు మీద బ్యాచ్ ఉండదు. నిజానికి పురుగు కంపెనీ నుంచి వచ్చిందా, అక్క డబ్బాలో అడుగున మిగిలిన పాత రవ్వ నుంచి వచ్చిందా అన్నది కూడా తేలలేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. ఖాళీ చేసి తుడిచిన డబ్బాలోనే పోస్తాం. ఈ నాలుగు లైన్లు ఉన్న ముక్కని కత్తెరతో కత్తిరించి, రబ్బర్ బ్యాండ్‌తో డబ్బాకి బయట కడతాం, లోపల వేస్తే ఇంకు పదార్థానికి అంటుతుంది. కత్తిరించేటప్పుడు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ వేరే వైపు ఉంటే దాన్ని కూడా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐకి ఫిర్యాదు చేయాల్సి వస్తే, తయారుచేసినవాళ్లు ఎవరో దాన్ని బట్టే తెలుస్తుంది, ఏ ప్యాకెట్ అన్నది బ్యాచ్‌ని బట్టి తెలుస్తుంది.